బుక్ వాల్యూ స్క్రాప్ విలువ కిందికి జారిపోతుంటే

లక్ష ఖరీదు చేసే మెషీన్, ఆయుష్షు 5 ఏళ్లు, చివర్లో స్క్రాప్ విలువ 10,000. స్ట్రెయిట్ లైన్ తరుగుదలలో గొడవే లేదు, ఏటా సమానంగా 18,000 తీసేస్తూ పోతే సరిగ్గా 10,000 దగ్గర ఆగుతుంది. నా చేతికొచ్చిన షీట్‌లో మాత్రం 40 శాతం డిక్లైనింగ్ బ్యాలెన్స్ వేశారు, ఏడాది చివర్లో మిగిలే బుక్ వాల్యూలు ఇలా వచ్చాయి: 60,000, 36,000, 21,600, 12,960, ఆ తర్వాత 7,776! స్క్రాప్ విలువ కన్నా తక్కువ, అదెలా?

ఈ పద్ధతిలో శాతం లెక్క మిగిలిన బుక్ వాల్యూ మీదే నడుస్తుంది, స్క్రాప్ సంగతి దానికి పట్టదు. కొందరు ముందే లక్షలోంచి 10,000 తీసేసి 90,000 మీద శాతం వేస్తారు, అది ఇంకో తప్పు. నేను తరుగుదల గడిలో ఇది పెట్టాను (B2 అంటే ఏడాది మొదటి బుక్ వాల్యూ):

```
=MIN(B2*40%, B2-10000)
```

అయిదో ఏడు 5,184 బదులు 2,960 మాత్రమే తగ్గి, 10,000 దగ్గర ఆగింది.