కుట్టాక మోనోగ్రాంలో ఒక అక్షరం మాయమవుతోందా? సమస్య - పరిష్కారం

బొటిక్ లోగోల మీద నా దగ్గరికి వచ్చే ఫిర్యాదు దాదాపు ఎప్పుడూ ఒకటే. "ఫోనులో చూస్తే రెండు అక్షరాలూ చక్కగా పెనవేసుకుని ఉన్నాయి, గుడ్డ మీద కుట్టించాక ఒకటే కనిపిస్తోంది. మిషన్ బాగాలేదేమో చూడండి." మిషన్ సాధారణంగా బాగానే ఉంటుంది. లోగో గీసినవారిని, కుట్టినవారిని తిట్టుకునే ముందు ఒక పని చేయండి. లోగోను కుట్టబోయే కొలతలోనే, నలుపు రంగులో, కాగితం మీద ముద్రించి చేతిలోకి తీసుకోండి. ముద్రించేటప్పుడు కాగితానికి సరిపోయేలా పెంచే సెట్టింగు తీసేసి, నూరు శాతం దగ్గరే ఉంచండి. ఇది అందరికీ తెలిసిన విషయమే. అయినా చేసి వచ్చేవారు చాలా తక్కువ.

ఆ కాగితం మీద స్కేలు పెట్టి గీతల మందం, గీతల మధ్య సందు కొలవండి. మామూలు ఎంబ్రాయిడరీ దారంతో, అంటే 40 నంబరు దారంతో కుట్టేటప్పుడు గీత 1 మిల్లీమీటరుకు తగ్గకూడదు, సందు కూడా 1 మిల్లీమీటరుకు తగ్గకూడదు. జరీ దారమైతే గీత కనీసం ఒకటిన్నర ఉండేలా చూసుకోండి. కొలతలు ఇక్కడే తప్పితే మిగతాది చదవనక్కర్లేదు. లోగో పెద్దది చేయండి, లేదా గీతలు లావు చేయించండి.

లక్షణం: సన్న గీతలు తెగినట్టున్నాయి

ఒకే అక్షరంలో లావు, సన్నం గీతలుండే అక్షరరూపాలంటే బొటిక్‌లవారికి మోజు ఎక్కువ. 30 మిల్లీమీటర్ల లోగోలో ఆ సన్న గీత అర మిల్లీమీటరు కూడా ఉండదు. సూది అటూ ఇటూ దిగడానికి అంత తక్కువ చోటు సరిపోదు. లోగోను మిషన్ కుట్లుగా మార్చే డిజిటైజర్ గత్యంతరం లేక దాన్ని ఒంటి దారపు కుట్టుగా మార్చేస్తారు. పక్కనే మెరిసే సాటిన్ కుట్టు ఉండేసరికి అది పోగు ఊడినట్టు కనిపిస్తుంది. సన్న గీతను 1 మిల్లీమీటరుకు తెచ్చి, లావు గీతను కొంచెం తగ్గించండి. 60 నంబరు సన్న దారం, సన్న సూది వాడితే 0.8 వరకు దిగవచ్చు. అంతకు మించి బేరాలు వద్దు.

లక్షణం: ఒక అక్షరం మరొకదాన్ని మింగేసింది

అసలు సంగతి ఇది. కొలతలన్నీ సరిగ్గా ఉన్నా ఈ దెబ్బ తగులుతుంది కాబట్టి నింపాదిగా చెబుతాను.

ఒకే రంగు దారంతో కుట్టే మోనోగ్రాంలో ఏ అక్షరం పైనుంచి పోతోందో, ఏది కిందినుంచి దూరుతోందో కంటికి తెలియాలంటే దాటే చోట చిన్న సందు ఉండాలి. కిందినుంచి పోయే గీత, పై గీతకు కొంచెం ముందు ఆగిపోయి, దాటాక మళ్లీ మొదలవుతుంది. తెర మీద ఆ సందు సన్నటి తెల్ల చారలా అందంగా ఉంటుంది. గుడ్డ మీద అది రెండు కారణాల వల్ల చెడుతుంది.

మొదటిది దారం గుణం. సాటిన్ కుట్టులో దారం గీతకు అడ్డంగా అటూ ఇటూ తిరుగుతుంది. ఆ బిగువుకు గీత అడ్డంగా లోపలికి గుంజుకుంటుంది, నిలువుగా రెండు చివరలా బయటికి పొంగుతుంది. గుంజుకోవడం గురించి అందరికీ తెలుసు. దానికి సరిపడా గీతను ముందే కొంచెం లావు చేస్తారు, దాన్నే పుల్ కాంపెన్సేషన్ అంటారు. చివరలు పొంగడం గురించి మాత్రం ఎవరూ పట్టించుకోరు. కిందినుంచి పోయే గీతకు దాటే చోట రెండు తెగిన చివరలుంటాయి. రెండూ పై గీత వైపే పొంగుతాయి. అర మిల్లీమీటరు సందు అలా పూర్తిగా పూడిపోతుంది. వెల్వెట్, సాగే గుడ్డల మీద ఇంకా ఎక్కువ.

రెండోది గీతలు దాటే కోణం. నన్ను ఎక్కువసార్లు ఇబ్బంది పెట్టినది ఇదే, ఎందుకంటే మందం, సందు కొలిస్తే ఇది బయటపడదు. గీతలు అడ్డంగా, నిలువుగా దాటితే కిందిగీతలో పోయే ముక్క చిన్నది. ఏటవాలుగా దాటితే కోత పొడవవుతుంది. లెక్క సులువు: పై గీత మందానికి రెండు వైపుల సందులు కలిపి, దాటే కోణపు సైనుతో భాగించాలి. మందం 2, సందు 1 చొప్పున అనుకుందాం. నిట్టనిలువుగా దాటితే కోత 4 మిల్లీమీటర్లు. 30 డిగ్రీల కోణంలో దాటితే అదే కోత 8 మిల్లీమీటర్లు.

ఇది అక్షరాల సమతూకాన్ని ఎలా పాడుచేస్తుందో ఒక లోగో మీద చూద్దాం. ఇంగ్లీషు ఎ, వి అక్షరాలు. ఎ మధ్యలోని అడ్డగీత తీసేశారు (బొటిక్ లోగోల్లో ఇది మామూలే), కాబట్టి రెండూ ఒకే ఆకారం, ఒకటి తలకిందులు. సమతూకానికి ఇంతకంటే అనుకూలమైన జంట దొరకదు. ఎత్తు 30, ఒక్కో అక్షరం వెడల్పు 16, గీత మందం 2 మిల్లీమీటర్లు. వి ని 4 మిల్లీమీటర్లు కుడికి జరిపి ఎ మీద పెట్టారు. సందు అర మిల్లీమీటరు. రెండు చోట్లా ఎ పైన, వి కింద.

కుట్టాక దాటే చోట్ల సందులు పూడిపోయి ముద్దలా తయారైంది. అప్పుడు అందరూ చేసే పనే చేశారు, సందును 1 మిల్లీమీటరుకు పెంచారు. ఈసారి ముద్ద పోయింది కానీ వి కూడా పోయింది. లెక్క చూడండి. ఇంత సన్నగా, పొడవుగా ఉన్న అక్షరాల కాళ్లు సుమారు 30 డిగ్రీల కోణంలోనే దాటుకుంటాయి. ఒక్కో చోట 8 మిల్లీమీటర్ల కోత. వి మొత్తం గీత పొడవు 62 మిల్లీమీటర్లు, అందులో 16 పోయాయి, అంటే పావు వంతు. పైగా దాటే చోటు కాలి మధ్యలో లేదు. వి ఎడమ కాలి పైభాగంలో మిగిలింది 4 మిల్లీమీటర్లు కూడా లేని తునక. అది వి లోని భాగమని ఏ కన్నూ అనుకోదు, ఎ పక్కన దారం పొరపాటున పడిందనుకుంటుంది. ఎ కి మాత్రం గీత అంతా చెక్కుచెదరకుండా ఉంది.

ఇక్కడ వి గీతను లావు చేయమని సలహా ఇచ్చేవారుంటారు. వినకండి. లావు చేస్తే సందులు మళ్లీ పూడతాయి. సరిచేయాల్సింది మూడు చోట్ల.

అన్నిటికంటే ముందు కోణం. అక్షరాల వెడల్పును 16 నుంచి 26కి పెంచితే కాళ్లు దాటే కోణం 47 డిగ్రీలకు వస్తుంది. గీతను 1.6కి తగ్గిస్తే, సందు 1 మిల్లీమీటరు ఉంచినా కోత 5 మిల్లీమీటర్లకు దిగుతుంది. వి ని జరిపిన దూరం అదే 4 అయినా, అక్షరాలు వెడల్పయ్యాయి కనుక దాటే చోట్లు కాళ్ల మధ్యకు జరుగుతాయి. వి ఎడమ కాలి పైతునక దాదాపు 9 మిల్లీమీటర్లు ఉంటుంది, కాలు కాలులా కనిపిస్తుంది. లోగో మొత్తం 30 చదరం అవుతుంది. జేబు మీద, మెడ వెనక కుట్టడానికి అనువైన ఆకారం కూడా అదే.

తర్వాత వంతులు. ఎడమ పక్క ఎ పైనుంచి పోతే, కుడి పక్క వి పైనుంచి పోవాలి. ఇప్పుడు ఒక్కో అక్షరం 65 మిల్లీమీటర్లలో 5 మాత్రమే వదులుకుంటుంది, ఇద్దరికీ సమానం. జడ అల్లినట్టు ఒకసారి పైన ఒకసారి కింద రాకపోతే దాన్ని పెనవేయడం అనరు, ఒకదాని మీద ఒకటి పడేయడం అంటారు. మూడు అక్షరాల లోగోలైతే దాటే చోట్లన్నీ కాగితం మీద గుర్తుపెట్టి, ఏ అక్షరం ఎన్నిసార్లు కిందికి పోతోందో లెక్కపెట్టండి. ఒకే అక్షరం పేరు పదేపదే వస్తుంటే దొంగ దొరికినట్టే.

చివరగా డిజిటైజర్‌కు చెప్పాల్సిన మాట. తెగిన చివరలను గీసిన చోటికంటే ఒక కుట్టు ముందే ఆపమనండి. సాటిన్‌లో కుట్టుకూ కుట్టుకూ దూరం సుమారు 0.4 మిల్లీమీటరు కాబట్టి, పొంగు వచ్చి ఆగేది సరిగ్గా మీరు గీసిన గీత దగ్గరే. గుడ్డ మెత్తనిదైతే రెండు కుట్లు. తెర మీద సందు మరీ పెద్దగా ఉందని అప్పుడు మీకు అనిపిస్తుంది. అనిపించనివ్వండి. తీర్పు చెప్పాల్సింది నమూనా ముక్క చూశాక. ఆ ముక్క కూడా అసలు గుడ్డ మీదే కుట్టించండి, షాపులో మిగిలిన కాటన్ ముక్క మీద కాదు.

లక్షణం: దాటే చోట గట్టి బొడిపె, సూదులు విరుగుతున్నాయి

సందు వదలకుండా, కిందిగీతను పై గీత కిందనుంచి మొత్తం కుట్టేశారని అర్థం. రెండు పొరల సాటిన్, వాటి కింద పునాదిగా వేసే అండర్‌లే కుట్లు మరో రెండు పొరలు. సూది వేడెక్కుతుంది, దారం తెగుతుంది, వేసుకున్నవారికి మెడ వెనక గుచ్చుకుంటుంది. పై గీత కిందికి కిందిగీతను కొంచెం మాత్రమే దూర్చి ఆపేయాలి. ఇలా సందు లేకుండా కుట్టినా అక్షరాలు విడిగా కనబడే సందర్భం ఒకటుంది. గీతలు నిట్టనిలువుగా, అంటే 90 డిగ్రీలకు దగ్గరగా దాటినప్పుడు రెండు గీతల్లో దారం దిశ వేరవుతుంది, వెలుగు వేరుగా పడుతుంది, మెరుపులో తేడాయే సందు పని చేస్తుంది. ఎల్, టి, హెచ్ లాంటి అక్షరాలకు ఇది పనికొస్తుంది. పైన చెప్పిన సన్నటి ఎ, వి లకు పనికిరాదు.

లక్షణం: పెద్ద లోగో బాగుంది, చిన్నది పాడైంది

60 మిల్లీమీటర్లకు చేసిన DST కుట్టు ఫైలును మిషన్‌లోనే 30కి కుదించి ఉంటారు. అలా కుదిస్తే కుట్ల సంఖ్య తగ్గదు, అన్నీ పావు వంతు చోటులో ఇరుక్కుంటాయి. పది శాతానికి మించిన మార్పు ఏదైనా కావాలంటే కొత్త ఫైలు చేయించుకోవాల్సిందే. రెండో ఫైలుకు డబ్బు ఎందుకని అడిగేవారికి పాడైన బ్లౌజు ధర గుర్తుచేస్తుంటాను.

మిగతావి

చుట్టూ గుడ్డ ముడతలు పడితే బ్యాకింగ్ పేపరు చాలలేదు, సాగే గుడ్డకు చింపే రకం కాకుండా కత్తిరించే రకం వేయండి. అడుగు దారం పైకి తేలితే అది బిగువు సమస్య, లోగోతో సంబంధం లేదు. దారం నాసిరకం కావడం, ఫ్రేము వంకర పోవడం అరుదు, వాటి కోసం వెతుకుతూ కూర్చోకండి.

లోగో 15 మిల్లీమీటర్లలోపే కావాలని, అక్షరాలు మార్చడానికి వీల్లేదని పట్టుబడితే కుట్టు మానేసి నేత లేబుల్ చేయించుకోండి. అందులో దారం చాలా సన్నం, దాటే చోట పొంగే సమస్యే ఉండదు. నేసేవారికి ఇచ్చే బొమ్మలో మాత్రం సందు కొలత రాసి పంపండి, లేకపోతే వారూ తెర మీద చూసే నిర్ణయిస్తారు.