సంక్రాంతి ప్రయాణానికి ముందు రాత్రి మందు: తెల్లవారుజామున స్టీరింగ్ పట్టేవారికి జాగ్రత్తలు

బెంగళూరులో ఉండే మనవాళ్లలో చాలామందికి సంక్రాంతి ప్రయాణం దాదాపు ఒకేలా మొదలవుతుంది. సెలవులకు ముందు రోజు రాత్రి మారతహళ్లిలోనో, కేఆర్ పురంలోనో ఎవరో ఒకరి ఫ్లాట్‌లో నలుగురు స్నేహితులు కలుస్తారు. హెబ్బాళ దగ్గర ట్రాఫిక్ పెరగకముందే ఊరు దాటేయాలని ఉదయం ఐదింటికే కారు తీయాలనుకుంటారు. త్వరగా పడుకోవాలి, కానీ ఊరెళ్తున్న ఉత్సాహంలో నిద్ర రాదు. "ఒక క్వార్టర్ వేస్తే ఒళ్లు తెలియకుండా పడుకోవచ్చు. ఐదు గంటల నిద్ర చాలదా?" అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాటలో సగం నిజమే, పడుకోగానే నిద్ర పడుతుంది. మిగతా సగాన్ని నమ్మి కారెక్కితేనే ప్రమాదం.

ఒక మనిషి రాత్రిని గంటగంటకూ చూద్దాం. బరువు 70 కిలోలు. రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టి పదకొండున్నరలోపు క్వార్టర్ విస్కీ, అంటే 180 మిల్లీలీటర్లు తాగాడు. మన దగ్గర విస్కీ, బ్రాందీ సీసాల మీద మామూలుగా 42.8 శాతం అని ఉంటుంది. ఆ లెక్కన ఒక్క స్మాల్‌లో, అంటే 30 మిల్లీలీటర్లలో, దాదాపు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. క్వార్టర్‌లో 60 గ్రాములు. బీరే కదా అనుకునేవాళ్లు కూడా ఇది చూడాలి: 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసా ఒకటి తాగితే 40 గ్రాములు లోపలికి పోయినట్టే, అంటే రెండు లార్జ్‌లతో సమానం.

ఇంత బరువున్న మగవాడి శరీరం గంటకు సుమారు 7 గ్రాములు ఖర్చు చేస్తుంది. చన్నీళ్ల స్నానం, మజ్జిగ, నిమ్మరసం, ఫిల్టర్ కాఫీ ఏవీ ఆ వేగాన్ని పెంచలేవు. 60 గ్రాములు పోవడానికి ఎనిమిదిన్నర గంటలు పడుతుంది. తొమ్మిదికి మొదలైన లెక్క ఉదయం ఐదున్నరకు గానీ తీరదు. అర్ధరాత్రి పడుకునేటప్పటికి 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. తెల్లవారుజామున మూడున్నరకు అది 30కి దిగుతుంది. కడుపునిండా తిని తాగితే అంకె కొంత తగ్గుతుంది. అదే బరువున్న ఆడవాళ్లలో అంతే మందుకు అంకె ఎక్కువగా ఉంటుంది.

ఆ మూడున్నర దగ్గర కాసేపు ఆగాలి. తాగి పడుకున్న చాలామందికి సరిగ్గా ఆ ప్రాంతంలోనే మెలకువ వస్తుంది. నాలుక అట్టకట్టినట్టు ఎండిపోతుంది. గుండె దడదడమని చెవుల్లోనే వినిపిస్తున్నట్టుంటుంది. మెడ కింద దిండు చెమటకు తడిసి ఉంటుంది. బాత్రూమ్‌కు వెళ్లొచ్చి పడుకుంటే, ఆ తర్వాత వచ్చేదంతా కలత నిద్రే. పీడకలలు, ఇటు అటు దొర్లడం, అరగంటకోసారి ఫోన్‌లో టైమ్ చూసుకోవడం. చాలామంది దీన్ని ప్రయాణం టెన్షన్ అనుకుంటారు. టెన్షన్ కొంత ఉంటే ఉండొచ్చు, కానీ లేపింది మాత్రం మందే.

ఎందుకలా జరుగుతుంది? మెదడును శాంతపరిచే రసాయనం గాబా. ఉత్సాహపరిచేది గ్లుటమేట్. ఆల్కహాల్ గాబా పనిని పెంచుతుంది, గ్లుటమేట్ పనిని అణచివేస్తుంది. రోజంతా పోగయ్యే అలసటకు గుర్తయిన అడినోసిన్ అనే పదార్థాన్ని కూడా ఒక్కసారిగా పెంచుతుంది. అందుకే పది నిమిషాల్లో నిద్ర ముంచుకొస్తుంది, మొదటి రెండు మూడు గంటలు గాఢంగా పడుకుంటారు. అయితే మెదడు ఊరుకోదు. ఎవరో బ్రేక్ తొక్కి పట్టారని గమనించి, బండి ఆగిపోకుండా తానూ యాక్సిలరేటర్ తొక్కుతుంది. రాత్రి గడిచేకొద్దీ ఆల్కహాల్ అరిగిపోతుంది, బ్రేక్ మీద కాలు లేచిపోతుంది. యాక్సిలరేటర్ మాత్రం అలాగే నొక్కి ఉంటుంది. మూడున్నరకు దడ, చెమట, మెలకువ అక్కడి నుంచి వచ్చేవే. నిద్రపుచ్చడానికి పెరిగిన అడినోసిన్ కూడా అప్పటికి తగ్గిపోతుంది, కాబట్టి మళ్లీ నిద్ర పట్టడం కష్టం. మూత్రాన్ని అదుపులో పెట్టే హార్మోన్‌ను మందు తగ్గిస్తుంది. అందుకే బాత్రూమ్‌కు లేవడం, నాలుక ఎండిపోవడం.

ఇక్కడ పోయేది గంటలు మాత్రమే కాదు. మన నిద్ర సుమారు తొంభై నిమిషాల చక్రాలుగా నడుస్తుంది. గాఢనిద్ర ఎక్కువగా రాత్రి మొదటి భాగంలో వస్తుంది. కనుగుడ్లు వేగంగా కదులుతూ కలలు వచ్చే రెమ్ నిద్ర ఎక్కువగా రెండో భాగంలో వస్తుంది. మనసు కుదుటపడటానికి, నేర్చుకున్నది నిలవడానికి ఆ రెమ్ నిద్ర కావాలి. మందు రాత్రి మొదటి భాగంలో దాన్ని రానివ్వదు. రెండో భాగంలో అది రావాలని చూస్తుంది, కానీ అప్పటికి నిద్రే ముక్కలుముక్కలు అవుతూ ఉంటుంది. మూడున్నరకు లేచి, మళ్లీ కునుకు పట్టీ పట్టకముందే ఐదింటి అలారం మోగితే, ఆ రాత్రికి రెమ్ నిద్ర దాదాపు దక్కనట్టే.

ఇప్పుడు అసలు ప్రమాదం. ఐదింటికి కారు తీసే సమయానికి మన మనిషి రక్తంలో ఆల్కహాల్ దాదాపు ఏమీ లేదు. చట్టం ప్రకారం పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. పోలీసులు ఆపి ఊదమన్నా మెషిన్ పరిమితి దాటినట్టు చూపించదు. "దిగిపోయింది, బాగానే ఉన్నాను" అని తనూ నమ్ముతాడు. పోయిన నిద్రను చూపించే మెషిన్ మాత్రం లేదు. పైగా తెల్లవారుజాము వేళ, అంటే రెండు నుంచి ఆరు దాకా, మామూలుగా పడుకున్న మనిషికే మెదడు మందంగా ఉంటుంది. అప్పుడే దేవనహళ్లి దాటి, చిక్కబళ్లాపురం మీదుగా బాగేపల్లి వైపు 44వ నంబర్ హైవే తిన్నగా, ఖాళీగా ఉంటుంది. కళ్లు మూడు సెకన్లు మూతపడితే, వంద స్పీడులో ఉన్న కారు ఎనభై మీటర్లకు పైగా ఎవరూ నడపకుండానే వెళ్లిపోతుంది.

లివర్ కాస్త నెమ్మదిగా పనిచేసేవాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఉన్న ఆల్కహాల్ గంటకు మామూలుగా తగ్గే 15 మిల్లీగ్రాములకు బదులు 10 చొప్పున తగ్గితే, అదే క్వార్టర్‌కు ఉదయం ఐదింటికి ఇంకా 45 పైనే ఉంటుంది. తాగింది నిన్న రాత్రి కదా అన్నా కేసు కేసే.

కాబట్టి స్టీరింగ్ పట్టే మనిషి ఆ రాత్రి అసలు ముట్టకపోవడమే నేను చెప్పగలిగిన మంచి మాట. ఎవరు నడుపుతారో గ్లాసులు తీయకముందే తేల్చుకోండి. మధ్యలో మార్చుకుందాం అనుకుంటే ఆ రెండో మనిషికీ ఇదే వర్తిస్తుంది. "ఒక్కటేలేరా బావా" అని బలవంతపెట్టేవాళ్లు, రేపు అదే కారులో వెనక సీట్లో తమ పిల్లలు కూడా ఉంటారని గుర్తు పెట్టుకుంటే చాలు.

తాగాలనే అనుకుంటే సమయం ముందుకు జరపండి, కొలత తగ్గించండి. రెండు స్మాల్‌లు, అంటే 20 గ్రాములు, మన మనిషికి మూడు గంటల్లో పోతాయి. ఏడింటికి మొదలుపెట్టి, భోజనంతో పాటు ఎనిమిదిలోపు ముగిస్తే, పదకొండున్నరకు పక్క ఎక్కేసరికి లోపల పెద్దగా ఏమీ మిగలదు. నిద్ర మామూలుగానే పట్టనివ్వండి. చాలామంది చేసేది దీనికి తిరగేసి ఉంటుంది. సాయంత్రమంతా ఊరుకుని, పడుకునే ముందు నిద్ర కోసం ఒక లార్జ్ వేస్తారు. నిద్రకు అంతకంటే చెడ్డ సమయం లేదు. ముందే ఎక్కువైపోయి ఉంటే, ప్రయాణాన్నే మధ్యాహ్నానికి జరపండి. హెబ్బాళలో గంట ఇరుక్కున్నా ఫర్వాలేదు.

నిద్రమాత్రల సంగతి వేరుగా చెప్పాలి. ఆల్ప్రాజోలం లాంటి మాత్రలు కూడా మందులాగే గాబా మీదే పనిచేస్తాయి. రెండూ కలిస్తే ఊపిరి తీసుకోవడమే మందగించి ప్రాణం పోవచ్చు. జలుబుకు వేసుకునే మత్తు మాత్రలనూ ఆ రాత్రి మందుతో కలపకండి.

గురక పెట్టేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మందు గొంతు కండరాలను వదులు చేస్తుంది, శ్వాసదారి మూసుకుపోతుంది. గురక పెట్టీ పెట్టీ ఒక్కసారిగా నిశ్శబ్దమై, పది సెకన్లకు పైగా ఊపిరి ఆడక, ఉలిక్కిపడి మళ్లీ మొదలవుతుందా అని పక్కన పడుకున్నవాళ్లు గమనించాలి. మామూలు రోజుల్లోనూ అలా ఉంటే స్లీప్ ఆప్నియా కావచ్చు, డాక్టర్‌కు చూపించుకోవాలి. తాగి ఒళ్లు తెలియకుండా పడిపోయిన మనిషిని వెల్లకిలా వదిలేయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి గొంతుకు అడ్డం పడకుండా. ఎంత లేపినా పలకకపోయినా, ఊపిరి మరీ నెమ్మదిగా ఆడుతున్నా పడుకోనిద్దాంలే అనుకోకుండా 108కి ఫోన్ చేయండి.

రోడ్డెక్కాక కూడా గుర్తుపట్టవచ్చు. వరుసగా ఆవులింతలు, ఇప్పుడు దాటిన బోర్డు ఏమిటో గుర్తులేకపోవడం, లేన్ గీత మీదికి టైర్లు ఎక్కి దడదడమనడం. వీటిలో ఒక్కటి కనిపించినా పాటల సౌండ్ పెంచి, అద్దాలు దించి లాగించకండి. అవి నిద్రను ఆపవు. టోల్ ప్లాజా దగ్గరో, హోటల్ ముందో బండి ఆపి, ఒక కాఫీ తాగి వెంటనే ఇరవై నిమిషాలు కునుకు తీయండి. కెఫీన్ పనిచేయడం మొదలయ్యేసరికి లేస్తారు. అది కాసేపటికే సరిపోతుంది. ఇంకా దూరం ఉంటే, నిద్రపోయిన మనిషికి తాళాలు ఇవ్వండి.

ఇక రోజూ నిద్ర కోసమే తాగేవాళ్లు. వరుసగా కొన్ని రాత్రులు తాగితే నిద్రపుచ్చే గుణం తగ్గుతుంది, మూడున్నరకు లేపే గుణం మాత్రం ఉండిపోతుంది. అందుకే పెగ్గులు పెరుగుతూ పోతాయి. పండక్కి ఇంట్లో పెద్దవాళ్ల ముందు తాగలేక ఒక్కసారిగా మానేస్తే, కొన్నాళ్ల పాటు నిద్ర ఇంకా చెడుతుంది. ఎక్కువగా తాగే అలవాటున్నవాళ్లకు చేతులు వణకడం, చెమటలు, ఫిట్స్, లేనివి కనిపించడం దాకా వెళ్లవచ్చు. ఇది మానేసిన మొదటి రెండు మూడు రోజుల్లోనే, అంటే సరిగ్గా భోగి, సంక్రాంతి రోజుల్లోనే రావచ్చు. ఉదయం గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికే స్థితిలో ఉన్నవాళ్లు ఊరెళ్లకముందే డాక్టర్‌ను కలవాలి. బెంగళూరులో నిమ్‌హాన్స్‌లో ఇందుకోసం ప్రత్యేక విభాగం ఉంది. ఫోన్‌లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416, తెలుగులోనే మాట్లాడవచ్చు.