గృహరుణం లెక్కలు మనమే చూసుకుందాం – 3వ పాఠం: ప్రీ-ఈఎంఐ వడ్డీ ఏ తేదీ నుంచి?

విడుదలైన సొమ్ముకే వడ్డీ పడుతుందని, మంజూరైన మొత్తానికి కాదని కిందటి పాఠంలో చూశాం. పూర్తి ఈఎంఐ మొదలయ్యేలోపు అలా విడుదలైన సొమ్ము మీద కట్టే వడ్డీనే ప్రీ-ఈఎంఐ వడ్డీ అంటారు. ఈసారి దాని తేదీల సంగతి. నేను చూసినంతలో తేడాలు ఎక్కువగా దొర్లేది ఇక్కడే.

ఒక లెక్క తీసుకుందాం. వడ్డీ 9 శాతం. జూన్ 5న మొదటి విడత 10 లక్షలు బిల్డర్ ఖాతాకు నేరుగా వెళ్లాయి. రెండో విడత 6 లక్షలకు చెక్కు ఇచ్చారు. దాని మీద తేదీ జూన్ 18, కానీ అది చేతికి అందింది 25న. జూన్ నెలకు బ్యాంకు వేసిన వడ్డీ రూ.8,334.

ముందు ఒక్కో విడతకు రోజువారీ వడ్డీ కట్టండి. 10 లక్షలను 9 శాతంతో గుణించి 365తో భాగిస్తే రోజుకు రూ.246.58. ఆరు లక్షలకైతే రూ.147.95. డబ్బు వెళ్లిన రోజును కూడా కలుపుకుంటే మొదటి విడతకు 26 రోజులు, అంటే రూ.6,411. రెండో విడతకు 25 నుంచి 30 వరకు 6 రోజులు, రూ.888. మొత్తం రూ.7,299.

బ్యాంకు లెక్కకూ మనదానికీ తేడా రూ.1,035. ఇక్కడ ఆగిపోవద్దు. ఆ తేడాను రెండో విడత రోజువారీ వడ్డీతో భాగించండి: సరిగ్గా 7 వస్తుంది. 18 నుంచి 24 వరకు ఉన్నవి ఆ ఏడు రోజులే. చెక్కు ఇంకా బ్యాంకు దగ్గరే ఉండగా వడ్డీ మొదలైపోయిందన్నమాట. తేడా ఇలా రోజుల లెక్కకు సరిపోకపోతే కారణం వేరే ఉంటుంది: నెల మధ్యలో వడ్డీ రేటు మారి ఉండొచ్చు, లేదా బీమా ప్రీమియాన్ని మొదటి విడతలో కలిపి అసలు పెంచి ఉండొచ్చు. స్టేట్‌మెంట్‌లో అసలు కాలమ్ చూస్తే రెండోది బయటపడుతుంది. కొందరు పూర్తి నెలకు రోజులు లెక్కపెట్టకుండా ఏడాది వడ్డీని 12తో భాగిస్తారు. అందుకే ఒప్పందంలో ఏ పద్ధతి రాశారో ముందే చూసుకోవాలి.

చెక్కు తేదీ నుంచి వడ్డీ వేయడం చిన్న విషయం కాదు. రిజర్వ్ బ్యాంకు 2024 ఏప్రిల్ 29 నాటి సర్క్యులర్‌లో దీన్ని అన్యాయమైన పద్ధతిగానే పేర్కొంది. మంజూరైన రోజు నుంచో, ఒప్పందం మీద సంతకం చేసిన రోజు నుంచో వడ్డీ వేయడాన్నీ, నెలలో కొన్ని రోజులే అప్పు ఉన్నా నెలంతటికీ వసూలు చేయడాన్నీ అదే జాబితాలో చేర్చింది.

కాబట్టి చెక్కు తీసుకునేటప్పుడే అందిన తేదీ వేసి, సంతకం చేసిన రసీదు ఫొటో దాచుకోండి. అది లేకపోతే లెక్క ఎంత సరైనదైనా వాదన నిలవదు. బ్రాంచికి రాసేటప్పుడు విడత, చెక్కు తేదీ, అందిన తేదీ, అదనంగా పడిన రోజులు, రూపాయలు ఒకే పేరాలో పెట్టండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేయొచ్చు.

అభ్యాసం: పై లెక్కలోనే జూలై నెల వడ్డీ ఎంత రావాలో 31 రోజులకు కట్టి చూడండి. రూ.12,230 వస్తే మీ లెక్క సరైనట్టే. వచ్చే పాఠంలో నెల మధ్యలో రేటు మారినప్పుడు ఏం చేయాలో చూద్దాం.