కడుపు తిప్పకుండా గేమ్ ఆడటం – మూడో పాఠం: మనం కదపని కదలికలు

మొదటి పాఠంలో ఘాట్ రోడ్డు బస్సు గురించి చెప్పుకున్నాం. బస్సులో ఒళ్లు కదులుతుంది, ఫోన్ చూస్తున్న కంటికి ఆ కదలిక కనబడదు. గేమ్‌లో దీనికి తలకిందులు. కంటికి పరుగు కనిపిస్తుంది, కుర్చీలో ఉన్న ఒంటికి ఏమీ తెలియదు. చెవి లోపల తూకం చూసే భాగం ఒకటి చెబుతుంది, కన్ను ఇంకొకటి చెబుతుంది. ఆ తగాదా కడుపు దగ్గర తేలుతుంది.

రెండో పాఠంలో మార్కులు వేసుకోవడం నేర్చుకున్నాం. ఏమీ లేకపోతే 0. ఆవలింతలు, ఒళ్లు వెచ్చబడటం, తల బరువు మొదలైతే 1. నోట్లో నీళ్లూరి కడుపు తేడాగా అనిపిస్తే 2. వికారం స్పష్టంగా ఉంటే 3. లేచి పడుకోవాల్సి వస్తే 4. గేమ్ మొదలుపెట్టిన ఎన్నో నిమిషంలో 1 వచ్చిందో రాసుకోమన్నాను. ఆ కాగితం ఈరోజు పక్కన పెట్టుకోండి, సెట్టింగులు మారుస్తున్నప్పుడు కావాలి.

అదే బస్సులో డ్రైవరుకి సాధారణంగా తిప్పదు. మలుపు ఎప్పుడు వస్తుందో, ఎంత తిప్పాలో ఆయనకి ముందే తెలుసు. వెనక సీట్లో కూర్చున్నవాళ్లకి తెలియదు. గేమ్‌లో మౌస్ పట్టుకున్నవాళ్లు డ్రైవర్లు, పక్కన చూసేవాళ్లు ప్రయాణికులు. మా మరదలు ఈ మాటే ఇంకోలా అంది: "వదినా, నేను ఆడితే కాసేపైనా ఆగుతుంది, వాడు ఆడుతుంటే పక్కన కూర్చుని చూస్తే వెంటనే తిప్పేస్తుంది." వాడంటే ఆమె తొమ్మిదేళ్ల కొడుకు. ఇద్దరూ కలిసి లాప్‌టాప్‌లో మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ ఆడతారు. ఈ పాఠమంతా ఆమె కాగితం చూసే చెబుతాను.

ఆమె మొదటి రోజు రాసుకున్నది: 9వ నిమిషంలో 1, 12వ నిమిషంలో 2. ఆ తర్వాత గంటసేపు తల బరువు.

మనం చేతితో కోరని కదలిక కెమెరాలో ఏది ఉన్నా, ఆ క్షణానికి మనం డ్రైవరు సీటు వదిలి వెనక్కి వెళ్లినట్టే. అందుకే సెట్టింగులు తెరవగానే ముందు వాటినే తీసేయాలి. మైన్‌క్రాఫ్ట్‌లో `Video Settings` లో `View Bobbing` అని ఉంటుంది. నడిచేటప్పుడు అడుగడుగుకీ చూపు ఊగేలా చేసేది అదే. దాన్ని `OFF` చేయండి. `Accessibility Settings` లో `FOV Effects` అనే జారుడు మీట ఉంటుంది. పరుగెత్తగానే చూపు వెడల్పవడం, ఆగగానే ముడుచుకోవడం దాని పని. దాన్ని చివరిదాకా ఎడమకి లాగి `OFF` చేయండి. అక్కడే `Distortion Effects` కూడా తగ్గించండి. పోర్టల్ దగ్గర దృశ్యం అలలు అలలుగా వంకరపోయేది దానివల్ల. `Damage Tilt` అంటే దెబ్బ తగిలినప్పుడు తెర ఒరగడం. అదీ తగ్గించండి. వేరే గేముల్లో ఇలాంటివి హెడ్ బాబ్, కెమెరా షేక్ అనే పేర్లతో ఉంటాయి.

తెలియకుండా ప్రయాణికుడిగా మార్చేది ఇంకోటి ఉంది, అదే ఆలస్యం. మౌస్ కదిపిన తర్వాత దృశ్యం కాస్త ఆగి కదిలితే చేయి చెప్పింది ఒకటి, కన్ను చూసింది ఒకటి అవుతుంది. కొత్త ప్రాంతంలోకి వెళ్లినప్పుడల్లా మా మరదలు లాప్‌టాప్ తడబడేది. `F3` నొక్కితే తెర ఎడమ మూలలో సెకనుకి ఎన్ని బొమ్మలు గీస్తోందో `fps` పక్కన కనిపిస్తుంది. ఆమెది 60 నుంచి ఒక్కసారిగా 25కి పడిపోయి మళ్లీ లేచేది. సగటు ఎంతన్నది అంత ముఖ్యం కాదు, ఈ ఎగుడుదిగుళ్లే తిప్పుతాయి. `Render Distance` 16 నుంచి 8కి తగ్గించి, `Max Framerate` 60 దగ్గర ఆపాం. దూరపు కొండలు కనబడటం మానేశాయి కానీ అంకె నిలకడగా నిలబడింది.

ఈ మార్పులతో మూడో రోజు ఆమె కాగితంలో 1 రావడానికి 14 నిమిషాలు పట్టింది.

ఇప్పుడు ఫీల్డ్ ఆఫ్ వ్యూ, అంటే తెరలో ఎన్ని డిగ్రీల లోకం కనిపిస్తుందన్నది. దీన్ని నిదానంగా చదవండి. ఎక్కువమంది ఇక్కడే తప్పు చేస్తారు, ఆ తప్పు కూడా ఎవరో మంచి మనసుతో చెప్పిన మాట విని చేస్తారు.

చూపు మరీ ఇరుకైతే గొట్టంలోంచి చూస్తున్నట్టుంటుంది. పక్కన ఏముందో తెలియక అస్తమానం తిరగాలి, తిరిగిన ప్రతిసారీ తెర మొత్తం కొట్టుకుపోయినట్టు జారుతుంది. మరీ వెడల్పైతే అంచులు సాగిపోతాయి, నడుస్తుంటే పక్కల గోడలు చాలా వేగంగా వెనక్కి పరుగెడతాయి. మనం కదులుతున్నామన్న భ్రమని బలంగా పుట్టించేది కంటి కొసల్లో పడే ఆ పరుగే. రెంటికీ మధ్య ఎక్కడో మనకి సరిపడే అంకె ఉంటుంది. అది మనిషి మనిషికీ మారుతుంది.

మా మరదలికి కొడుకు స్నేహితుడు "90 పెట్టండి ఆంటీ, తిప్పదు" అని చెప్పాడట. ఆమె 90 పెట్టింది. మొదటి రోజు 9 నిమిషాలకే 1 రావడంలో ఆ అంకెకి వాటా ఉంది. ఆ అబ్బాయి చెప్పింది అబద్ధం కాదు. చాలా గేముల్లో 90 మంచి అంకే. కానీ ఆ గేముల్లో 90 అంటే ఎడమ అంచు నుంచి కుడి అంచు వరకు కొలిచిన డిగ్రీలు. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌లో ఆ అంకె పైనుంచి కిందికి కొలిచినది. మామూలు 16:9 వెడల్పు తెరపై పైనుంచి కిందికి 90 అంటే అడ్డంగా దాదాపు 121 డిగ్రీలు.

లెక్క కావాలంటే ఇదీ:

```
అడ్డం = 2 × atan( tan(నిలువు ÷ 2) × 16 ÷ 9 )
```

లెక్క ఇష్టం లేనివాళ్లు నాలుగు అంకెలు గుర్తుపెట్టుకుంటే చాలు. నిలువు 60 అంటే అడ్డం దాదాపు 91. నిలువు 70 అంటే 102. 80 అంటే 112. 90 అంటే 121. మైన్‌క్రాఫ్ట్ మొదట ఇచ్చే `Normal` అంటే 70.

కొన్ని గేములకి మూడో రకం కొలత ఉంటుంది. 2004లో వచ్చిన హాఫ్-లైఫ్ 2 మొదట ఇచ్చే అంకె 75. అది పాత 4:3 తెరకి కొలిచిన అడ్డం. ఇప్పటి వెడల్పు తెరపై అది దాదాపు 91 అవుతుంది. ఆ గేమ్‌లో ఆదేశాలు టైప్ చేసే కన్సోల్ తెరిచి ఇలా రాస్తే వెడల్పు తెరపై అడ్డం 106 దాకా వెళ్తుంది:

```
fov_desired 90
```

కాబట్టి ఎవరైనా అంకె చెబితే ముందు ఏ గేమ్‌కి చెప్పారో అడగండి.

మేం ఆమె అంకెని 90 నుంచి 70కి దించాం. ఆ రోజు 1 రావడానికి 21 నిమిషాలు పట్టింది. మర్నాడు 60 పెట్టి చూస్తే 17వ నిమిషానికే వచ్చింది. గుహల్లో అటూ ఇటూ చూపు తిప్పాల్సి రావడం ఎక్కువైందని ఆమే చెప్పింది. తర్వాత 65 పెడితే 24 నిమిషాలు. అక్కడే ఆపేశాం. రోజుకి ఒక్క మార్పే చేశాం కాబట్టి ఏది పనిచేసిందో తెలిసింది. మీరూ అంతే చేయండి. 5 డిగ్రీల చొప్పున కదపండి, రోజూ దాదాపు అదే సమయానికి, ఆకలిగానో కడుపు నిండుగానో కాకుండా మధ్యస్థంగా ఉన్నప్పుడు చూడండి. ఒక్క రోజు తేడా నిద్ర వల్ల కూడా రావచ్చు, అందుకే బాగుందనిపించిన అంకెని రెండో రోజు కూడా పరీక్షించాలి.

ఎంత దూరం కూర్చున్నామన్నది కూడా ఇందులో భాగమే. ఆమె లాప్‌టాప్ తెర వెడల్పు 34 సెంటీమీటర్లు. 45 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే ఆ తెర కంటి ముందు 41 డిగ్రీల చోటు ఆక్రమిస్తుంది. 70కి జరిగితే 27 డిగ్రీలే. అప్పుడు తెర చుట్టూ కదలని గోడ, బల్ల, కిటికీ కనిపిస్తాయి. కంటికి ఆ కదలని వస్తువులు పట్టుకొమ్మల్లాంటివి. గదిలో లైటు వేసుకుని ఆడమనేది అందుకే. దూరం జరగడానికి చోటు లేకపోతే `F11` నొక్కి పూర్తి తెర నుంచి బయటికి వచ్చి, గేమ్‌ని చిన్న విండోలో ఆడినా ఫలితం అలాంటిదే.

పక్కన కూర్చుని చూడటం మాత్రం సెట్టింగులతో పెద్దగా తగ్గలేదు. ఇప్పుడు ఆమె రెండు అడుగులు వెనక్కి కూర్చుంటుంది. కొడుకు తిరిగే ముందు "ఎడమకి అమ్మా" అంటాడు. నాకు ఇందులో చాలా నచ్చింది వాడి ఈ మాటే. ఎటు తిరుగుతారో ముందే తెలిసిన ప్రయాణికుడికి కాస్త తక్కువ తిప్పుతుంది.

ఇక విరామం. కడుపు తిప్పాక ఆపడం విరామం కాదు, అప్పటికే ఆలస్యమైంది. 3కి వెళ్లాక దిగడానికి గంటలు పట్టవచ్చు. తిప్పేదాకా రోజూ ఆడితే అలవాటు పడకపోగా, గేమ్ తెర చూడగానే వికారం మొదలయ్యే ప్రమాదం ఉంది. అలవాటు పడేది 0లో మొదలై 0లోనే ముగిసిన చిన్న చిన్న ఆటలతో. అందుకని మీ కాగితంలో 1 వచ్చే నిమిషాన్ని తీసుకుని, అందులో మూడింట రెండు వంతులకి ఫోన్‌లో అలారం పెట్టండి. ఆమెకి 24 కాబట్టి 16. అలారం మోగగానే, బాగానే ఉన్నా లేవాలి. సగం తవ్విన గుహ అలాగే ఉంటుంది.

లేచాక ఫోన్ చూడకండి. వరండాలోకి వెళ్లి దూరంగా ఉన్న చెట్టో నీళ్ల ట్యాంకో చూడండి, నాలుగడుగులు నడవండి, నీళ్లు తాగండి. 10 నిమిషాల తర్వాత 0 ఉంటేనే మళ్లీ కూర్చోండి. 1 ఉంటే ఇంకాసేపు ఆగండి. ఎప్పుడైనా 2 వస్తే ఆ రోజుకి ఆట అయిపోయింది. తల తిరుగుడు పూర్తిగా పోయేదాకా బండి నడపకండి. రెండు రోజులు వరసగా 0తో ముగిస్తే అలారాన్ని 2 నిమిషాలు పెంచండి. 1 వచ్చిన రోజు 4 నిమిషాలు తగ్గించండి.

ఆట లేని రోజుల్లో కూడా తల తిరుగుతున్నా, చెవిలో మోత, వినికిడి తగ్గడం, తీవ్రమైన తలనొప్పి ఉన్నా ఈ పాఠం పక్కన పెట్టి డాక్టరుకి చూపించుకోండి. అది సెట్టింగులతో తేలే విషయం కాదు.

ఈ వారం పని ఇది. మొదటి రోజు ఊగే కదలికలన్నీ ఆపేయండి. రెండో రోజు `fps` నిలకడ చూసుకోండి. మూడో రోజు మీ గేమ్ అంకె నిలువుదో అడ్డందో తెలుసుకుని, అడ్డం 95 నుంచి 102 మధ్య వచ్చేలా పెట్టండి. మిగతా నాలుగు రోజులు 5 డిగ్రీలు అటూ ఇటూ కదుపుతూ, రోజుకి ఒక్క వరస చొప్పున కాగితం నింపండి: అంకె, కూర్చున్న దూరం, 1 వచ్చిన నిమిషం. నాలుగో పాఠంలో ఆ కాగితంతోనే మౌస్ వేగం సరిచేసుకుందాం.