గ్యాస్ లీకైతే ఎటు నడవాలి? (మూడో పాఠం: గాలికి అడ్డంగా)

నెల్లూరు, ప్రకాశం తీరంలో రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు, ఐస్ ఫ్యాక్టరీలు, కోల్డ్ స్టోరేజీలు చల్లదనం కోసం అమ్మోనియా వాడతాయని గత పాఠంలో చూశాం. ఈసారి అది లీకైన తర్వాత మొదటి కొన్ని నిమిషాల సంగతి.

ముందు ఒక అపోహ తీరాలి. అమ్మోనియా గాలికన్నా తేలిక, పైకి పోతుందిలే అని కాస్త చదువుకున్నవాళ్లే ధీమాగా చెబుతుంటారు. గ్యాస్ వరకే అయితే నిజమే. కానీ పైపుల్లో అది ఒత్తిడి కింద ద్రవంగా ఉంటుంది. పైపు పగిలితే మైనస్ 33 డిగ్రీల దగ్గర మరుగుతూ, గాలిలోని తేమను పట్టుకుని తెల్లటి పొగమంచులా నేలబారునే పాకుతుంది. మన ఉక్కపోత గాలిలో తేమకు కరువేముంది! కాబట్టి మొదట్లో అది పైకి పోదు, గాలి ఎటు తోస్తే అటు పోతుంది.

ఒక ఊరిని ఊహించుకుందాం. ఊరికి తూర్పున అర కిలోమీటరు దూరంలో ప్లాంటు ఉంది. ఊరి మధ్య నుంచి తారురోడ్డు పడమటగా హైవేకి పోతుంది. దక్షిణాన కాలవ గట్టు ఉంది. సాయంత్రం నాలుగింటికి పైపు పగిలింది. ఆ వేళ సముద్రపు గాలి, అంటే తూర్పు గాలి, గంటకు పది కిలోమీటర్ల వేగంతో వీస్తోంది. లెక్క వేస్తే పొగ మూడు నిమిషాల్లో ఊళ్లో ఉంటుంది. జనం బైకులు తీసి ఎటు పోతారు? అలవాటైన తారురోడ్డు మీదే, హైవే వైపు. అంటే పొగతో పాటు, గాలివాటునే. నడిచేవాళ్లని పొగ దాటిపోతుంది, బైకులవాళ్లు మలుపు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు.

సరైన పని ఇది. గాలికి ఎదురుగా నిలబడండి. రెండు చెంపలకూ గాలి సమానంగా తగలాలి. తెలియకపోతే గుడి జెండానో, ఆరేసిన చీరనో, పొయ్యి పొగనో చూడండి. ఇప్పుడు రెండు చేతులూ పక్కలకు చాపండి. అవి చూపే రెండు దిక్కులే గాలికి అడ్డంగా ఉన్న దారులు. వాటిలో ఒకటి ఎంచుకోవడం ఎలా? అలా నిలబడి చూస్తే ప్లాంటు చిమ్నీ కాస్త ఎడమకు కనిపిస్తే పొగ మీ ఎడమ పక్క నుంచే పోతుంది, మీరు కుడికి నడవాలి. కుడికి కనిపిస్తే ఎడమకు. మన ఊళ్లో దక్షిణ వీధివాళ్లకు చిమ్నీ ఎడమకు కనిపిస్తుంది. కాబట్టి వాళ్ల దారి కాలవ గట్టు. పొగ అంచు దాటాక గాలి వచ్చే వైపుకి చుట్టు తిరిగి వెళ్లొచ్చు, ప్లాంటు దగ్గరికి మాత్రం కాదు.

అదే ప్లాంటు, రాత్రి రెండింటికైతే? నేల మీది నుంచి సముద్రం వైపు గాలి వీస్తుంటే ప్రమాదం తూర్పున ఉన్న మత్స్యకారుల పాలెంది. పైగా రాత్రి గాలి మందకొడిగా ఉంటే పొగ త్వరగా పలచబడదు, దూరం పోతుంది. అందుకే "మా వీధికి ఎప్పుడూ రాదు" అన్న మాట నమ్మొద్దు.

బయట అప్పటికే తెల్లగా కమ్మేసి, కళ్లు మండుతూ ఉంటే, లేదా ఇంట్లో నడవలేని ముసలివాళ్లుంటే, బయటకు రావద్దు. పూరిల్లు, పెంకుటిల్లు గాలిని ఆపలేవు. దగ్గర్లో స్లాబు ఇల్లు ఉంటే అందులోకి చేరండి. గాలి తగిలే వైపు కాకుండా అవతలి పక్క గది మంచిది. కిటికీలు మూసి, కూలర్, ఎగ్జాస్ట్ ఫ్యాన్, ఏసీ ఆపండి. కూలర్ సంగతి చాలామంది మరిచిపోతారు, అది బయటి గాలినే లోపలికి లాగుతుంది. తలుపు కింద తడి తువ్వాలు కుక్కండి. అమ్మోనియా నీళ్లలో బాగా కరుగుతుంది కాబట్టి ముక్కుకు తడిగుడ్డ కొంత పనికొస్తుంది. కాసేపటికోసారి నీళ్లలో జాడించి పిండండి. దాన్ని మాస్కు అనుకుని బయట తిరగొద్దు. కళ్లలో పడితే పావుగంట పాటు ధారగా నీళ్లతో కడిగి, ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంట్లో ఎంతసేపు? మూసిన గదిలోకీ గ్యాస్ మెల్లగా చేరుతూనే ఉంటుంది. పొగ దాటిపోయిందని ఫైర్ సిబ్బంది చెప్పగానే తలుపులన్నీ తెరిచి బయటకు రావాలి. అప్పటికి బయటికంటే లోపలే గ్యాస్ ఎక్కువ మిగిలి ఉండొచ్చు.

ఇక ఊరికి చెప్పడం. ముందు 112కి ఫోన్. తర్వాత గుడి మైకో, మసీదు మైకో, పంచాయతీ మైకో, ఏది దగ్గరైతే అది. ఇంటింటికీ పరిగెత్తొద్దు, మీరే పొగలో చిక్కుతారు. "గ్యాస్ లీకైంది, పారిపోండి" అంటే అందరూ రోడ్డెక్కుతారు. ఇలా చెప్పండి:

"ప్లాంటులో అమ్మోనియా లీకైంది. గాలి తూర్పు నుంచి వస్తోంది. హైవే రోడ్డు ఎక్కొద్దు. దక్షిణ వీధివాళ్లు కాలవ గట్టు మీదుగా దక్షిణానికి నడవండి. మిగతావాళ్లు స్లాబు ఇళ్లలోకి వెళ్లి తలుపులు, కూలర్లు మూసేయండి."

మూడు సార్లు, నిదానంగా. గాలి మారితే ప్రకటన కూడా మారాలి. పక్క ఊరి సర్పంచ్‌కీ, ఆశా కార్యకర్తకీ ఫోన్ చేసి ఇవే మాటలు చెప్పండి.

నాలుగో పాఠానికి ముందు చేయాల్సిన పని: మీ ఇంటి ముందు ఉదయం, సాయంత్రం, నిద్రపోయే ముందు గాలి ఎటు నుంచి వస్తుందో వారం రోజులు రాసుకోండి. ప్లాంటును, మీ ఇంటిని, రోడ్లను కాగితం మీద గీసి, ఒక్కో గాలికి మీ దారి ఏదో గుర్తు పెట్టండి. ఆ కాగితంతోనే వచ్చే పాఠం మొదలుపెడదాం.