గంటలు సరిగ్గా, నిమిషాలు తప్పుగా: ఆర్డుయినో ఊనోలో మెమరీ తెచ్చే సమస్యలు, పరిష్కారాలు

బోరు మోటారు ఎంతసేపు నడిచిందో లెక్కపెట్టే చిన్న మీటరును ఊనో బోర్డుతో చేశామనుకుందాం. మోటారు తిరుగుతున్న ప్రతి సెకనుకూ లెక్క ఒకటి పెరుగుతుంది. బోర్డు మీదున్న ఏటీమెగా328పి చిప్‌లో మూడు రకాల మెమరీ ఉంటుంది. ఫ్లాష్ 32 కిలోబైట్లు, ఎస్‌ర్యామ్ 2 కిలోబైట్లు, ఈఈప్రామ్ 1 కిలోబైటు. ఈ మీటరులో వచ్చే సమస్యల్లో చాలావాటికి మూలం, దేన్ని ఎక్కడ దాచామన్నదే.

సమస్య: కరెంటు పోయి వస్తే లెక్క సున్నా

లెక్క మామూలు వేరియబుల్‌లో, అంటే ఎస్‌ర్యామ్‌లో ఉంది. అక్కడ ఒక బైటు రాయడానికి రెండు క్లాక్ సైకిళ్లు చాలు. 16 మెగాహెర్ట్జ్ దగ్గర అది 125 నానోసెకన్లు. ఎన్నిసార్లు రాసినా అరగదు, కానీ కరెంటు ఉన్నంతసేపే గుర్తుంచుకుంటుంది. కాబట్టి లెక్కను ఈఈప్రామ్‌లోకి పంపాలి. చాలామంది `EEPROM.put(0, n)` అని ప్రతి సెకనూ రాసేస్తారు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

సమస్య: కొన్నాళ్లకు లెక్క నాలుగు నిమిషాల దాకా అటూ ఇటూ అవుతోంది

మోటారు నడుస్తుంటే తెరమీద అంతా సరిగ్గానే కనిపిస్తుంది. కరెంటు పోయి వచ్చాక మాత్రం గంటలు సరిగ్గా, నిమిషాలు తప్పుగా వస్తాయి. ఈ లక్షణమే కారణాన్ని పట్టిస్తుంది.

ఈఈప్రామ్‌లో ఒక బైటు రాయడానికి సుమారు 3.3 మిల్లీసెకన్లు పడుతుంది, అంటే ఎస్‌ర్యామ్ కన్నా ఇరవై ఆరు వేల రెట్లు నెమ్మది. రాసిన ప్రతిసారీ పలుచని ఆక్సైడ్ పొర గుండా ఛార్జిని నెట్టాలి, ఆ పొర క్రమంగా దెబ్బతింటుంది. తయారీదారు హామీ ఒక్కో చోటికి 1,00,000 సార్లు. సెకనుకోసారి రాస్తే ఆ హామీ 27 గంటల 46 నిమిషాల్లో అయిపోతుంది. రోజుకు ఏడు గంటలు నడిచే మోటారుకైతే నాలుగు రోజులు. హామీ దాటిన వెంటనే బైటు పాడవుతుందని కాదు, కానీ ఇక దాన్ని నమ్మలేం.

`put` మారిన బైట్లను మాత్రమే తిరగరాస్తుంది. నాలుగు బైట్ల లెక్కలో అతి తక్కువ విలువ గల బైటు ప్రతి సెకనూ మారుతుంది, దాని పైది 256 సెకన్లకోసారే. అందుకే అతి తక్కువ విలువ గలది ముందు అరుగుతుంది, తప్పు 255 సెకన్లకు మించదు.

నిర్ధారించుకోవాలంటే ఆ బైటు ఉన్న 0 చిరునామాలో `0x55`, తర్వాత `0xAA` రాసి చదవండి. వెంటనే సరిగ్గా వచ్చినా వదిలేయకండి. అరిగిన బైటు ఛార్జిని ఎక్కువసేపు నిలుపుకోలేకపోవచ్చు. రాత్రంతా కరెంటు తీసేసి, పొద్దున మళ్లీ చదవాలి.

పరిష్కారంలో రెండు భాగాలున్నాయి. నిమిషానికోసారి మాత్రమే రాయాలి. రాసిన చోటే రాయకుండా, ఎనిమిదేసి బైట్ల 128 అరల్లో వరసగా తిరుగుతూ రాయాలి. ప్రతి అరలో లెక్క, దాని పక్కన బిట్లు తిరగేసిన అదే లెక్క.

```cpp
void save(uint32_t n) {
  int a = slot * 8;
  EEPROM.put(a, n);
  EEPROM.put(a + 4, ~n);
  slot = (slot + 1) % 128;
}
```

బోర్డు మొదలైనప్పుడు, రెండు సగాలూ పొసగిన అరల్లో అతి పెద్ద లెక్కను తీసుకుని, దాని తర్వాతి అర నుంచి రాయాలి. లెక్క ఎప్పుడూ పెరిగేదే కాబట్టి పెద్దదే తాజాది. అరిగిన అర, ఖాళీ అర (అన్నీ `0xFF`), రాస్తుండగా కరెంటు పోయిన అర, ఈ మూడూ పొసగక వాటంతటవే పక్కకు పోతాయి. ఇలా రాస్తే హామీ రెండు లక్షల పై చిలుకు మోటారు గంటలకు చేరుతుంది. కరెంటు పోతే పోయేది మామూలుగా ఒక్క నిమిషం లెక్కే. ఈ మార్పుకు అదనపు చిప్ అక్కర్లేదు, అందుకే నేను దీన్నే ఎంచుకుంటాను.

సమస్య: ఇంకో సందేశం చేర్చగానే బోర్డు తనంతట తాను రీసెట్ అవుతోంది

ఈఈప్రామ్‌ను అనుమానించకండి, ఇది ఎస్‌ర్యామ్ నిండిపోవడం. కోట్స్‌లో రాసిన ప్రతి వాక్యం ఫ్లాష్‌లో ఉన్నా, ప్రోగ్రాం మొదలవగానే ఎస్‌ర్యామ్‌లోకి కూడా కాపీ అవుతుంది. ముప్ఫై అక్షరాల సందేశాలు నలభై ఉంటే 1,240 బైట్లు పోయినట్టే. మిగిలిన చోట స్టాక్ పైనుంచి కిందికి పెరుగుతూ వేరియబుల్స్ మీదికి వస్తుంది. కంపైల్ చేసినప్పుడు `Low memory available` అన్న హెచ్చరిక వస్తే దాన్ని పట్టించుకోండి. మందు తేలిక:

```cpp
Serial.println(F("Motor ON"));
```

`F()` ఉంటే సందేశం ఫ్లాష్‌లోనే ఉండి, అక్కడి నుంచే చదవబడుతుంది. ఫ్లాష్‌కు హామీ 10,000 సార్లే అయినా భయం లేదు. చదివితే అరగదు, అప్‌లోడ్ చేసినప్పుడే రాత జరుగుతుంది. రోజుకు పదిసార్లు అప్‌లోడ్ చేసినా వెయ్యి రోజులు.

సమస్య: కొత్త ప్రోగ్రాం ఎక్కించాక లెక్క మాయం

యూఎస్‌బీ నుంచి బూట్‌లోడర్ ద్వారా ఎక్కిస్తే ఈఈప్రామ్ చెక్కుచెదరదు. విడి ప్రోగ్రామర్‌తో ఎక్కించేటప్పుడు ముందు చిప్ మొత్తాన్ని చెరిపేస్తారు, దానితో ఈఈప్రామ్ కూడా పోతుంది. చిప్‌లోని `EESAVE` ఫ్యూజ్ అనే సెట్టింగును ముందే ప్రోగ్రాం చేసి ఉంచితే లెక్క నిలుస్తుంది.