గ్రైండర్ డెమోలో ఫీచర్లు చదవకండి, పిండి తేలేలా చూపించండి

టిల్టింగ్ వెట్ గ్రైండర్ డెమో ఇవ్వాలనుకోండి. బ్రోషర్‌లో 2 లీటర్ల డ్రమ్, 150 వాట్ల మోటార్, రాతి రోలర్లు అని ఉంటుంది. ఒక్కోదాని పక్కన "దీనివల్ల వంటింట్లో ఏం మారుతుంది?" అని రాయండి. జవాబు రానిది స్క్రిప్ట్‌లో వద్దు, ఎవరైనా అడిగితే చెబితే చాలు.

మొదటి మాట సమస్యదే కావాలి: "మిక్సీలో మినప్పప్పు రుబ్బితే జార్ వేడెక్కుతోందా? ఇడ్లీ గట్టిగా వస్తోందా?" తల ఊపినవాళ్లకే మిగతాది చెప్పండి.

తర్వాత చూపించాలి. రుబ్బడానికి అరగంట దాకా పడుతుంది, అంతసేపు ఎవరూ నిలబడరు. అందుకే నానబెట్టిన పప్పు ముందే వేసి, జనం వచ్చేసరికి పిండి పొంగేలా చూసుకోండి. చిన్న పిండిముద్ద గ్లాసు నీళ్లలో వేయండి. తేలిందంటే గాలి బాగా పట్టిందని అర్థం, ఇడ్లీ మెత్తగా వస్తుంది. పిండిని వాళ్ల చేత్తోనే తాకనివ్వండి, చల్లగా ఉంటుంది. ఆ రెండు క్షణాలూ మీరు మాట్లాడకండి. డ్రమ్ వంచి పిండి తీయడం కూడా వాళ్లతోనే చేయించండి.

చివర్లో ఒక్కటే అడగండి: "రేపు మీ ఇంటి పప్పు నానబెట్టి తీసుకురండి, ఇక్కడే రుబ్బి ఇస్తాం." ఆఫర్, ఈఎంఐ, వారంటీ అన్నీ ఒకేసారి చెబితే "ఆలోచించి చెబుతాం" అని వెళ్లిపోతారు.